'అతి దగ్గర', 'విశాలమైన' అనే మాటలు తీసేశాం

"అన్నా, ప్రకటనలో స్టేషన్‌కు అతి దగ్గర, విశాలమైన ఇల్లు అని పెట్టారు. ఎంత దగ్గర? ఎంత విశాలం?"

జమ్మికుంట నుంచి ఇల్లు చూడడానికి వచ్చిన ఒకాయన మా హన్మకొండ ఆఫీసులో కూర్చుని ఇలా అడిగారు. నా దగ్గర జవాబు లేదు. మరునాడే టేపు పట్టుకుని ఆ ఇంటికి వెళ్లాను.

దూరం సంగతి తొందరగానే తేలింది. గేటు ముందు నుంచి కాజీపేట స్టేషన్ దాకా బండి మీద వెళ్తే మీటరు 4.2 కిలోమీటర్లు చూపింది. ఇప్పుడు ప్రకటనలో అదే ఉంది.

విస్తీర్ణం దగ్గరే నా తప్పు పెద్దది. 1,120 చదరపు అడుగులని రాశాను. అది బిల్టప్ ఏరియా, ఆ ముక్క చెప్పలేదు. పోర్టికో 140, మెట్లు 85, బయటి గోడల మందం సుమారు 90 తీసేస్తే, లోపల మిగిలింది 805. రెరా చట్టంలో కార్పెట్ ఏరియా అంటే ఇదే: గదుల మధ్య గోడలు లెక్కలోకి వస్తాయి, బయటి గోడలు, బాల్కనీ రావు. పాత ఇళ్ల అమ్మకానికి ఆ లెక్క తప్పనిసరి కాకపోయినా ఇక నుంచి రెండు అంకెలూ రాస్తాను. హాలు 16 అడుగులకు 12 అని కూడా రాశాను. మీ సోఫా, డైనింగ్ టేబుల్ పడతాయో లేదో మీరే చూసుకోవచ్చు.

'నీటి కొరత లేదు' అన్న మాట ఇంటాయన చెప్పింది, నేను రాసింది. మే 18న మోటార్ వేయించి చూస్తే 1,000 లీటర్ల ట్యాంకు నిండడానికి 40 నిమిషాలు పట్టింది. తేదీతో సహా అదే రాశాను. బోరు లోతుకు కాగితం లేదు కాబట్టి '250 అడుగులు, యజమాని చెప్పిన ప్రకారం' అని పెట్టాను.

'క్లియర్ టైటిల్' తీసేయడానికి మాత్రం మనసొప్పలేదు, ఆ మాట చూసే చాలామంది ఫోన్ చేస్తారు. కానీ ఈసీలో, అంటే రిజిస్ట్రేషన్ ఆఫీసు ఇచ్చే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్‌లో, కనిపించేది రిజిస్టర్ అయిన లావాదేవీలే. రిజిస్టర్ కాని అగ్రిమెంట్ గానీ, అన్నదమ్ముల నోటి పంపకం గానీ, కోర్టు కేసు గానీ అందులో కనిపించకపోవచ్చు. అందుకే '30 ఏళ్ల ఈసీ తీశాం, తనఖా నమోదు లేదు, లింకు డాక్యుమెంట్లు మూడు, జిరాక్స్ ఇస్తాం' అని మార్చాను. మిగతాది మీ వకీలుకు చూపించుకోండి.

ముందు రోడ్డు డాక్యుమెంట్‌లో 30 అడుగులు, కొలిస్తే 26. ఎదురింటి మెట్లు ముందుకొచ్చాయి. రెండు అంకెలూ రాశాను. ఇంటాయనకు ఇది నచ్చలేదు, ధర తగ్గుతుందని టెన్షన్ పడ్డారు. అయినా ఒప్పుకున్నారు.

పాత ప్రకటన చూసి అడ్వాన్స్ ఇస్తామన్న ఇద్దరికీ నిన్న ఫోన్ చేసి ఈ మార్పులన్నీ చెప్పాను. ఒకరు వద్దన్నారు. ఇంకొకరు ఆదివారం తమ టేపు తెచ్చుకుని వస్తున్నారు.