నీ కింద ఎంతమంది అని నాన్న అడిగితే

చిరంజీవి తమ్ముడికి,

అన్నయ్య ఆశీస్సులు. మేనేజర్‌గా వెళ్తావా అని మీ ఆఫీసులో అడిగారనీ, రెండు వారాల్లో చెప్పాలనీ నీ మెసేజ్ చూశాను. ఫోన్లో అయితే సగం మరిచిపోతానని కూర్చుని రాస్తున్నాను.

నాన్న ప్రతిసారీ అడుగుతారు కదా, "నీ కింద ఎంతమంది పనిచేస్తున్నార్రా?" అని. ఎవరూ లేరు. ఇన్నేళ్లలో ఒక్కరి అప్రైజల్ కూడా నేను రాయలేదు. అయినా మా మేనేజర్‌దీ నాదీ ఒకటే జీతం బ్యాండు. చాలా పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో సీనియర్ ఇంజినీర్ దాటాక దారి రెండుగా చీలుతుంది. ఒకటి మేనేజర్, డైరెక్టర్ అని పోతుంది. రెండోది స్టాఫ్ ఇంజినీర్, ప్రిన్సిపల్ ఇంజినీర్ అని పోతుంది. నేను రెండోదాంట్లో ఉన్నాను.

స్టాఫ్ ప్రమోషన్‌కి మొదటిసారి నా పేరు పంపినప్పుడు నాకు రాలేదు. ఎన్ని ఫీచర్లు కట్టానో, ఎన్ని రాత్రులు సర్వర్లు నిలబెట్టానో అంతా ఫైల్లో రాసిచ్చాను. "పని బాగుంది, కానీ ఇదంతా మీ టీమ్ లోపలే ఉంది" అని కమిటీ తిప్పి పంపింది. చాలా బాధపడ్డాను. తర్వాత ఆలోచిస్తే వాళ్లు అన్నది నిజమే. నేను చేసిందంతా సీనియర్ పనే, ఎక్కువ మోతాదులో.

అప్పట్లో మా దగ్గర ఒక ఇబ్బంది ఉండేది. కస్టమర్ డబ్బు కట్టాక నెట్‌వర్క్‌లో జవాబు రాకపోతే మా ప్రోగ్రామ్ అదే రిక్వెస్టును మళ్లీ పంపేది. ఒక్కోసారి ఖాతాలో డబ్బు రెండుసార్లు కట్ అయ్యేది. దీనికి మందు అందరికీ తెలుసు: ప్రతి చెల్లింపుకీ ఒక ప్రత్యేక నంబరు ఇవ్వాలి, అదే నంబరు మళ్లీ వస్తే కొత్తగా డబ్బు తీయకుండా పాత జవాబే ఇవ్వాలి. ఐదు టీములూ ఆ మందు వాడుతున్నాయి, ఎవరి పద్ధతిలో వాళ్లు. ఒక టీము ఆ నంబర్లను 24 గంటలే దాచేది. దానికి రిక్వెస్టులు పంపే ఇంకో టీము క్యూ మాత్రం రెండు రోజుల తర్వాత కూడా మళ్లీ ప్రయత్నించేది. ఎవరి కోడ్ చూసినా తప్పు కనబడదు. తప్పు ఆ రెండింటి మధ్య సందులో ఉంది.

ఆ సందు ఎవరిదీ కాదు కాబట్టి నేను పట్టుకున్నాను. ఆరు పేజీల డిజైన్ డాక్యుమెంటు రాశాను. మీటింగు పెట్టి అందరి ముందు చదవలేదు. ఒక్కో టీములో ఆ కోడ్ బాగా తెలిసినవాళ్ల దగ్గరికి విడిగా వెళ్లి అభ్యంతరాలు రాసుకున్నాను. ఒకమ్మాయి చెప్పిన మాటతో మూడో పేజీ మొత్తం మార్చాను, ఆమె పేరు అందులోనే రాశాను. ముందు ఒక్క టీములో పెట్టి చూపించాం. మిగతావాళ్లు ఒక్కొక్కరే వచ్చారు. మొత్తం 14 నెలలు పట్టింది. నేను ఎవరికీ ఆర్డర్ వేయలేదు, వేసే అధికారమూ లేదు. రెండోసారి ఫైల్లో ఈ ఒక్క పనే పెట్టాను. వేరే టీముల వాళ్లే నా గురించి రాశారు. అప్పుడు వచ్చింది.

ఇక డబ్బు. అంతకుముందు నా మూల జీతం 100 అనుకో, అది 112 అయింది, అంతే. పెరిగిందల్లా షేర్ల వాటా: ఏడాదికి 30 వచ్చేది 70 అయింది. పై మెట్లలో ఇది మామూలే. ఇక్కడే జాగ్రత్త. ఆ షేర్లు నాలుగేళ్లలో విడతలుగా చేతికొస్తాయి. ఏటా కొత్తగా షేర్ల గ్రాంటు కలపకపోతే ఐదో ఏడు ఆదాయం ఒక్కసారిగా పడిపోతుంది. షేరు ధర పడితే అదీ మన నెత్తినే. ఆఫర్ లెటర్లో పెద్ద అంకె చూసి మురిసిపోవద్దు, ఏటా ఇచ్చే గ్రాంటు ఎంతో అడుగు.

ఇంకో సంగతి. టీము పెరిగితే మేనేజర్ కావాల్సిందే, వెతుక్కుని మరీ పెడతారు. స్టాఫ్ అలా కాదు. పక్క టీముల్ని కూడా తాకే చిక్కు ఒకటి ఉండాలి, దాన్ని చూసి విలువ కట్టే పైవాళ్లుండాలి. నాకు మధ్యలో మేనేజర్ మారితే, కొత్తాయనకి ఆ 14 నెలల కథ మొదటినుంచీ చెప్పాల్సి వచ్చింది. చిన్న కంపెనీల్లో అయితే ఈ రెండో దారి కాగితం మీదే ఉంటుంది.

అందుకే జవాబిచ్చే ముందు రెండు కనుక్కో. మీ దగ్గర మనుషుల్ని నడపకుండా డైరెక్టర్ బ్యాండులో ఎంతమంది ఉన్నారు? వాళ్లలో ఎంతమంది లోపల ఎదిగినవాళ్లు, ఎంతమంది బయటినుంచి వచ్చినవాళ్లు? అందరూ బయటివాళ్లే అయితే మీ నిచ్చెనకి మధ్య మెట్లు లేవన్నమాట. అప్పుడు మేనేజర్ అవడమో, కంపెనీ మారడమో ఆలోచించాలి. లోపలివాళ్లుంటే అందులో ఒకరితో అరగంట కూర్చుని, ఏ పని చూసి తనకి ప్రమోషన్ ఇచ్చారో అడుగు.

వాళ్లేం చెప్పారో ఆదివారం ఫోన్ చేసి చెప్పు. మీ లెవెల్స్ చార్టు కూడా పంపు, ఇద్దరం కలిసి చూద్దాం. అమ్మనీ నాన్ననీ అడిగానని చెప్పు.

మీ అన్నయ్య