సంప్‌కి సిమెంట్ విషయంలో మేము మార్చుకున్న మాట

“అన్నా, మా సంప్‌కి 53 గ్రేడే వెయ్యాలని పట్టుబట్టారు, ఇప్పుడు మా తమ్ముడి ఇంటికి పీపీసీ అంటున్నారు. అప్పుడు చెప్పింది తప్పా?”

అవును, తప్పే. 53 గ్రేడ్ ఓపీసీ అంటే తొందరగా గట్టిపడే మామూలు సిమెంట్, పీపీసీ అంటే బొగ్గు బూడిద, అంటే ఫ్లై యాష్, కలిపిన సిమెంట్. మీలాంటి పాత కస్టమర్లు చాలామంది నా మాట మీదే అలా కట్టించుకున్నారు కాబట్టి జరిగింది అందరికీ చెప్తున్నాను.

ఈమధ్య ఒక సంప్ కట్టాం. లోపలి కొలత పదడుగుల పొడవు, ఏడడుగుల వెడల్పు, ఆరడుగుల లోతు, అంటే దాదాపు 12 వేల లీటర్లు. గోడలూ, అడుగుభాగమూ ఆరంగుళాల మందం. ఎప్పటిలాగే 53 గ్రేడ్ ఓపీసీ, సిమెంట్, ఇసుక, కంకర 1:1:2 పాళ్లు. నింపిన కొన్నాళ్లకే నీటిమట్టం తగ్గుతోందని ఫోన్ వచ్చింది. ఖాళీ చేసి చూస్తే పొడవు గోడల మధ్య భాగంలో, అడుగు నుంచి పైకి నిలువుగా వెంట్రుకంత సన్నని పగుళ్లు. చూడటానికి వచ్చిన ఇంకో కాంట్రాక్టర్ “సిమెంట్ తగ్గించి ఉంటారు” అన్నాడట. ఆ మాట నన్ను చాలా బాధపెట్టింది, ఇప్పటికీ ఒప్పుకోను. మేము వేసింది 43 బస్తాలు. అసలు తప్పు తక్కువ వేయడం కాదు, ఎక్కువ వేయడమే.

సిమెంట్ ఎంత ఎక్కువైతే నీళ్లు అంత బాగా ఆగుతాయని నేను ఇన్నేళ్లూ నమ్మాను. కానీ కాంక్రీటులో కుంచించుకుపోయేది కంకర కాదు, సిమెంటూ నీళ్లూ కలిసిన ముద్ద. ఆ ముద్ద ఎక్కువైతే కుదింపూ ఎక్కువే, గట్టిపడేటప్పుడు పుట్టే వేడీ ఎక్కువే. 53 గ్రేడ్ ఆ వేడిని తొందరగా వదులుతుంది. అడుగు ముందే గట్టిపడి ఉంటుంది, దాని మీద తర్వాత పోసిన గోడ చల్లారుతూ కుదించుకోవాలని చూస్తుంది, అడుగేమో కదలనివ్వదు. అందుకే పగులు నిలువుగా వచ్చింది. ఇనుము తక్కువై నీటి ఒత్తిడికి గోడ వంగితే పగుళ్లు వేరేలా ఉంటాయి, ఎక్కువగా అడ్డంగా, గోడ అడుగునో మూలల్లోనో వస్తాయి.

ఇప్పుడు మా పద్ధతి పీపీసీ, 1:1.5:3 పాళ్లు. అదే సంప్‌కి 34 బస్తాలు చాలు. పీపీసీలో ఉండే ఫ్లై యాష్, సిమెంట్ గట్టిపడేటప్పుడు మిగిలే సున్నంతో కలిసి సన్నని రంధ్రాలను మూసేస్తుంది, వేడి కూడా నిదానంగా వస్తుంది. తొమ్మిది బస్తాలు తగ్గించాలని నిర్ణయించుకోవడానికి నాకు నిద్ర పట్టలేదు, రేపు ఎక్కడైనా చెమ్మ కనిపిస్తే మళ్లీ అదే మాట పడాలి కదా అని.

అయితే పాళ్లు మార్చినంత మాత్రాన సరిపోదు, నీళ్లే అసలు సంగతి. బస్తాకి ఇరవైరెండున్నర లీటర్లు మించకూడదు, అంటే నీరు సిమెంట్ బరువులో 0.45 వంతు. నీళ్లు నిలిపే కట్టడాలకు ఐఎస్ 3370 అనే భారతీయ ప్రమాణం చెప్పే హద్దు కూడా అదే. ఇసుక తడిగా ఉంటే బస్తా మాల్‌కి పట్టే ఇసుకలోనే మూడు నాలుగు లీటర్లు దాక్కుని ఉంటాయి, అవి కూడా లెక్కలోవే. పాత పనిలో మాల్ సులువుగా జారాలని బస్తాకి 27 లీటర్లు పోశారు, మొత్తం సంప్ మీద చూస్తే ఇప్పటి కన్నా దాదాపు 400 లీటర్లు ఎక్కువ. ఆ నీళ్లు ఆరిపోయిన చోట మిగిలేవి ఖాళీలే. ఇప్పుడు మాల్ బిగువుగా ఉందంటే ప్లాస్టిసైజర్ కలుపుతాం, వైబ్రేటర్ పెడతాం, నీళ్లు మాత్రం పొయ్యం. మేస్త్రి విసుక్కున్నా సరే.

పీపీసీతో ఒక ఇబ్బంది ఉంది, బలం నిదానంగా వస్తుంది. కనీసం పది రోజులు తడి ఆరకూడదు, మేము పద్నాలుగు రోజులు పెడుతున్నాం. ఆలోపు చుట్టూ మట్టి పూడ్చమని టెన్షన్ పెట్టొద్దు, పూడ్చను. పీపీసీ దొరక్కపోతే 53 గ్రేడ్‌తోనైనా చేస్తాను, కానీ ఇవే పాళ్లు, ఇంతే నీళ్లు.

పగిలిన సంప్‌ని మా ఖర్చుతోనే బాగుచేశాం. పగుళ్ల వెంట గాడి కొట్టి, కుదించుకోని మోర్టార్ నింపి, లోపల సిమెంట్ పూత వేశాం. పాత పద్ధతిలో మా దగ్గర కట్టించుకున్నవాళ్లు ఒకసారి చూసుకోండి. సంప్ నింపి, మోటార్ ఆపి, గోడ మీద గీత పెట్టి, రెండు రోజుల తర్వాత చూడండి. గీత దగ్గరే నీళ్లుంటే ఏమీ చేయక్కర్లేదు. దిగితే ఫోన్ చేయండి, నేనే వస్తాను.