ఎలివేషన్ బొమ్మలో బిల్డింగు నిటారుగా నిలబడాలంటే

"ఏవండీ, ఏఐలో తీసిన ఎలివేషన్ చూస్తే బిల్డింగు పైకి పోయేకొద్దీ సన్నబడి వెనక్కి వాలినట్టుంది. గోడలు నిటారుగా వచ్చేలా అడగడం కుదరదా?"

కుదురుతుందండి. ఇకమీదట మా భీమవరం స్టూడియో నుంచి వెళ్లే ప్రతి అపార్ట్‌మెంట్ ఎలివేషన్‌నూ ఆ పద్ధతిలోనే తయారుచేస్తున్నాం. పాలకొల్లు, తణుకు, అమలాపురం వైపు బిల్డర్లలో చాలామంది ఫోన్లోనే ఒక బొమ్మ తీసి, శుభ్రం చెయ్యమని మాకు పంపుతున్నారు. మీరు తీసుకున్నా మేం తీసినా పద్ధతి ఒకటే కాబట్టి, దాచుకోకుండా మొత్తం చెబుతున్నాను. ఎక్కడిదాకా పనిచేస్తుందో, ఎక్కడ ఆగిపోతుందో కూడా చెబుతాను.

వాలు ఎక్కడినుంచి వస్తుందో ముందు చూద్దాం. రోడ్డు మీద నిలబడి స్టిల్ట్ ప్లస్ ఫైవ్ బిల్డింగును ఫోటో తియ్యబోతే పై అంతస్తులు ఫ్రేములో పట్టవు. అందరం చేసేది ఒకటే, ఫోన్ తల పైకెత్తుతాం. అలా ఎత్తగానే కెమెరా లోపలి సెన్సరు గోడల్లా నిటారుగా ఉండదు, వాలుతుంది. దాంతో నిలువు గీతలన్నీ ఆకాశంలో ఎక్కడో ఒక బిందువు దగ్గర కలవబోతున్నట్టు దగ్గరపడతాయి. గీతలు కలిసే ఇలాంటి బిందువుల్నే వానిషింగ్ పాయింట్లు అంటారు. కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి ఎలాగూ ఉండే వాటికి పైన మూడోది తోడవుతుంది. ఏఐ టూల్ నేర్చుకున్న ఎత్తయిన బిల్డింగుల ఫోటోల్లో చాలా భాగం ఇలా తలెత్తి తీసినవే. అందుకే మనం ఏమీ చెప్పకపోతే అది కూడా తలెత్తే తీస్తుంది.

కెమెరాని మట్టంగా పట్టుకుంటే నిలువు గీతలు నిలువుగానే ఉంటాయి. అందుకని చాలామంది ప్రాంప్టులో `two-point perspective` అని రాసి ఊరుకుంటారు. అది ఒక్కటే రాస్తే ఎందుకు సరిపోదో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను. మట్టంగా పట్టిన కెమెరాలో కంటిమట్టం గీత, అంటే హొరైజన్ లైను, సరిగ్గా ఫ్రేము మధ్యలో పడుతుంది. కింది సగమంతా రోడ్డు, పై సగంలో బిల్డింగు వస్తాయి. బిల్డింగు మొత్తం కనపడాలి, దగ్గరనుంచే కనపడాలి, గీతలు నిటారుగా ఉండాలి అని మూడూ కలిపి అడిగితే, మామూలు లెన్సుతో మూడూ ఒకేసారి కుదరవు. అప్పుడు టూల్ ఏదో ఒకటి వదిలేస్తుంది, ఎక్కువసార్లు నిటారుతనాన్నే వదిలేస్తుంది.

ఆర్కిటెక్చర్ ఫోటోగ్రాఫర్లు దీనికి షిఫ్ట్ లెన్సు వాడతారు. కెమెరా కదలకుండా, మట్టంగా ఉంటుంది. లెన్సు మాత్రం సెన్సరుకి సమాంతరంగా కొన్ని మిల్లీమీటర్లు పైకి జరుగుతుంది. మామూలు లెన్సు వేసే వెలుగు వలయం కన్నా దీని వలయం పెద్దది కాబట్టి, జరిపినా పై భాగం బొమ్మ అందుతుంది. కానన్ వాళ్ల 24 మిల్లీమీటర్ల టీఎస్-ఈ రెండో వెర్షన్ లెన్సు 12 మిల్లీమీటర్ల దాకా జరుగుతుంది.

ఈ 12 మిల్లీమీటర్లు ఏం చేస్తాయో ఒక లెక్కలో చూడండి. హెడ్‌రూమూ నీళ్ల ట్యాంకూ కలిపి 20 మీటర్ల ఎత్తున్న బిల్డింగు అనుకుందాం. మన కన్ను నేలనుంచి 1.6 మీటర్ల ఎత్తున ఉంటుంది, అంటే కంటికి పైన ఉన్న బిల్డింగు 18.4 మీటర్లు. ఫుల్ ఫ్రేమ్ కెమెరాని నిలువుగా పెడితే సెన్సరు ఎత్తు 36 మిల్లీమీటర్లు. షిఫ్ట్ లేకపోతే కంటిమట్టం పైన మనకి దొరికేది అందులో సగం, 18 మిల్లీమీటర్లు. 24 మిల్లీమీటర్ల లెన్సుతో ఆ బిల్డింగు మొత్తం పట్టాలంటే సుమారు 24.5 మీటర్లు వెనక్కి వెళ్లాలి. లెన్సుని 12 మిల్లీమీటర్లు జరిపితే పైన 30 మిల్లీమీటర్లు దొరుకుతాయి. అప్పుడు 14.7 మీటర్లు, అంటే 50 అడుగులలోపు దూరం చాలు. 40 అడుగుల రోడ్డుకి అవతలి షాపు ముందు నిలబడితే ఇంచుమించు అంతే వస్తుంది.

ఇదే లెక్కలో మన ప్రాంప్టుకి కావలసిన అసలు సంగతి ఉంది. పైన 30 మిల్లీమీటర్లు పోతే కంటిమట్టం కింద మిగిలేది 6. అంటే కంటిమట్టం గీత ఫ్రేము మధ్యలోంచి దిగి, అడుగునుంచి ఆరో వంతు ఎత్తులో కూర్చుంటుంది. ఏఐ టూల్ లోపల నిజమైన లెన్సు ఏదీ లేదు, అది ఇలాంటి లెక్కలు చెయ్యదు. "షిఫ్ట్ లెన్సు" అన్న మాట దాన్ని ఆర్కిటెక్చర్ మేగజైన్ ఫోటోల వైపు లాగుతుంది, అంతవరకే. ఫ్రేములో హొరైజన్ ఎక్కడ ఉండాలో కూడా చెబితే, తలెత్తకుండానే బిల్డింగుకి చోటు దొరుకుతుంది. నా పనిలో ఎక్కువ తేడా చూపించింది ఈ ఒక్క వాక్యమే.

మేం మొదలుపెట్టే ప్రాంప్టు ఇది. రంగులు, గ్రిల్సు, టైల్సు వంటి వివరాలు దీని తర్వాత చేరుస్తాం.

```
eye-level photo, corner view of a stilt-plus-five apartment building,
two-point perspective, camera perfectly level,
24mm shift lens with front rise,
all vertical edges parallel to the sides of the frame,
horizon low, one sixth up from the bottom,
open sky above the parapet, portrait 2:3
```

ఇందులో `tilt-shift` అన్న మాట కావాలనే పెట్టలేదు. షాపులో ఆ లెన్సు పేరు అదే అయినా, ఆ మాట రాస్తే టూల్ పైనా కిందా మసక చేసి బిల్డింగుని ఆటబొమ్మలా చూపిస్తుంది. టిల్ట్ అన్నది ఫోకస్ పొరని వంచే పని, మనకి కావలసింది షిఫ్ట్ ఒక్కటే. `towering`, `majestic`, `low angle`, `looking up` వంటి మాటలూ తీసెయ్యండి. బ్రోచర్ వాక్యాన్ని అలాగే ప్రాంప్టులో అతికిస్తే ఇవన్నీ వచ్చేస్తాయి, ఒక్క `towering` చాలు కెమెరా తలెత్తడానికి. వద్దన్న సంగతిని కూడా నేరుగా రాయకండి. `no converging lines` అంటే కొన్ని టూల్స్ ఆ `no` ని పట్టించుకోవు. నెగెటివ్ ప్రాంప్టుకి వేరే గడి ఉంటే అక్కడ రాయండి, లేకపోతే కావలసిందే చెప్పండి.

బొమ్మ వచ్చాక కంటితో చూసి సరే అనుకోవద్దు. కొలవండి. 1024 బై 1536 పిక్సెళ్ల బొమ్మ తీసుకుందాం. కంటిమట్టం గీత అడుగునుంచి దాదాపు 256 పిక్సెళ్ల దగ్గర ఉండాలి. బిల్డింగు ఎడమ చివర, కుడి చివర అంచుల మధ్య దూరం పునాది దగ్గర కొలిచి, పిట్టగోడ దగ్గర మళ్లీ కొలవండి. కింద 670, పైన 605 వస్తే దాదాపు పదో వంతు సన్నబడిందన్నమాట, అది పక్కన పెట్టి ఇంకోటి తియ్యాలి. పైన 664 వస్తే ఒక శాతంలోపే కాబట్టి ఎడిటర్‌లో సరిచేస్తే తెలియదు కూడా. పదో వంతు వాలుని కూడా ఎడిటర్‌లో లాగొచ్చు కదా అంటారు. లాగితే రెండు పక్కలా కొంత బొమ్మ కోసెయ్యాల్సి వస్తుంది. పై అంతస్తుల్లో వివరాలు సాగి పలచబడతాయి. బిల్డింగు ఎత్తుకీ వెడల్పుకీ ఉన్న నిష్పత్తి మారిపోతుంది, దాన్ని మళ్లీ చేత్తో ప్లానుకి సరిపెట్టాలి. ఫ్లెక్సీ సైజుకి పెంచినప్పుడు ఆ సాగుడు స్పష్టంగా బయటపడుతుంది.

నిలువు గీతలు సరిగ్గా ఉన్నా పర్‌స్పెక్టివ్ తప్పి ఉండొచ్చు. దానికి మనుషుల తలలు చూడండి. కెమెరా మనిషి కంటి ఎత్తులో, మట్టంగా ఉంటే, చదునైన రోడ్డు మీద నిలబడ్డ పెద్దవాళ్లందరి కళ్లూ, దగ్గరివాళ్లవైనా దూరంగా ఉన్నవాళ్లవైనా, ఇంచుమించు ఒకే గీత మీద ఉండాలి. అయిదడుగుల ప్రహరీ పైఅంచు ఆ గీతకి కాస్త కిందుగా, దాదాపు సమతలంగా పోవాలి. పిట్టగోడ గీతలు మూలనుంచి రెండు పక్కలకీ కిందికి దిగాలి, గచ్చు గీతలు కొద్దిగా పైకెక్కాలి, అన్నీ ఆ కంటిమట్టం గీత మీదే కలవాలి. దూరంగా ఉన్న మనిషి తల గీతకి బాగా పైనో కిందో ఉంటే, బిల్డింగుదొక కెమెరా, రోడ్డుదొక కెమెరా అయిపోయిందని అర్థం. చూసేవాళ్లు కారణం చెప్పలేకపోయినా ఏదో తేడాగా ఉందంటారు.

కరెంటు స్తంభాలు, పక్క బిల్డింగు అంచులు, గేటు పిల్లర్లు కూడా చూడండి. మన బిల్డింగు నిటారుగా వచ్చి పక్కిల్లు వాలడం మామూలే. కొబ్బరిచెట్లతో మాత్రం పోల్చుకోవద్దు, మన కాలువ గట్ల మీద అవి నిజంగానే వంగి ఉంటాయి. అలాగే ఆలయ గోపురం బొమ్మ అడిగినవాళ్లకి ఒక మాట. గోపురం కట్టడమే పైకి సన్నగా కడతారు. అక్కడ అంచుల్ని నిటారు చెయ్యమంటే గోపురం పెట్టెలా తయారవుతుంది. నిటారుతనాన్ని కింది ద్వారబంధాల దగ్గర, ధ్వజస్తంభం దగ్గర చూడాలి.

ఈ పద్ధతికి హద్దులున్నాయి. పదిహేను అంతస్తుల టవర్‌ని ఎదురు ఫుట్‌పాత్ నుంచి ఇలా అడిగితే, గీతలు నిటారుగా వచ్చినా పై భాగం సాగి, బరువుగా మీదికి వస్తున్నట్టు కనిపిస్తుంది. అది టూల్ లోపం కాదు, నిజమైన షిఫ్ట్ లెన్సుతో తీసినా అంతే. అలాంటప్పుడు దూరం పెంచాలి, లేదా కెమెరాని ఎదుటి బిల్డింగు మూడో అంతస్తు కిటికీకి ఎక్కించి అక్కడనుంచి మట్టంగా చూడమనాలి. అప్పుడు హొరైజన్ గీత కూడా ఆ మూడో అంతస్తు ఎత్తుకి పైకొస్తుంది కాబట్టి ప్రాంప్టులో ఆరో వంతు అన్నది మార్చాలి, మనుషుల తలల పరీక్ష కూడా అక్కడ పనికిరాదు. కాలువకి ఎదురుగా ఉన్న సైటులకి మన డెల్టాలో ఒక సౌకర్యం ఉంది. అవతలి గట్టు మీదనుంచి చూస్తున్నట్టు అడిగితే దూరం సహజంగానే దొరుకుతుంది, షిఫ్ట్ అంతగా అక్కర్లేదు.

ఇంకొకటి. ప్రాంప్టు ఎంత బాగా రాసినా అంతస్తుల లెక్క, బాల్కనీల లెక్క టూల్ మార్చేస్తుంది. అందుకని అమ్మకానికి వాడే బొమ్మని ఒక్క మాటలతోనే మేం తియ్యం. మీ ప్లాను మీదనుంచి స్కెచప్‌లో ఉత్తి డబ్బాలాంటి మోడల్ కట్టి, Camera మెనూలో Two-Point Perspective నొక్కి, ఆ స్క్రీన్‌షాటుని టూల్‌కి ఆధారంగా ఇస్తాం. గీతలు అక్కడే నిటారుగా ఉంటాయి, ప్రాంప్టు వాటిని చెడగొట్టకుండా కాపాడితే చాలు. దీనికి ఒక రోజు అదనంగా పడుతుంది, ఛార్జీ కూడా కొంత పెరుగుతుంది. మాటలతో తీసిన బొమ్మ డిజైన్ ఎంచుకునే దశలో మీకు చూపించడానికి మాత్రమే, ఫ్లెక్సీ మీద వెయ్యడానికి ఇవ్వం.

ఆర్డరిచ్చేటప్పుడు ప్లానుతోపాటు మూడు సంగతులు పంపండి: హెడ్‌రూమ్ కలిపి మొత్తం ఎత్తు, ముందు రోడ్డు వెడల్పు, ఏ మూలనుంచి చూడాలో ఆ మూల ఫోటో. ఫోటో తీసేటప్పుడు ఫోన్ తల పైకెత్తకుండా, కంటి ఎత్తులో నిలువుగా పట్టుకోండి. పై అంతస్తులు తెగిపోయినా ఫరవాలేదు, మాకు కావలసింది కంటిమట్టం గీత ఎక్కడుందో.