పచ్చ చుక్కను నమ్మి నా బిడ్డకు చాక్లెట్ పెట్టాను: కేంద్ర ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

విజయవాడ నుంచి ఒక తల్లి నమస్కరించి రాస్తున్న లేఖ ఇది. ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ మీ శాఖ కిందే ఉంది కాబట్టి మీకే రాస్తున్నాను. ఇప్పటికి మూడు అర్జీలు పెట్టాను. ఒకదానికి "సంబంధిత విభాగానికి పంపాం" అని మెసేజ్ వచ్చింది. మిగతా రెండింటికి అది కూడా రాలేదు.

మా అబ్బాయికి ఏడేళ్లు. పాలు అరగకపోవడం కాదండీ, వాడికి పాల అలర్జీ. అరగనివాళ్లకు కడుపు ఉబ్బరిస్తుంది, కాస్త పడినా తట్టుకుంటారు. వీడికి పాలలోని ప్రొటీన్ పిసరంత చాలు. పోయిన దసరా సెలవుల్లో ఒక డార్క్ చాక్లెట్ బార్ కొన్నాను. అట్ట మీద 70 శాతం కోకో అని ఉంది, పచ్చ చుక్క ఉంది. కావలసిన పదార్థాల్లో పాల ఊసే లేదు. రెండు ముక్కలు తిన్నాడు. పావుగంటలో మెడ నిండా దద్దుర్లు, పై పెదవి వాచిపోయింది, పిల్లి కూతలా ఊపిరి. ఆస్పత్రిలో తొడకు ఇంజక్షన్ ఇచ్చాక గానీ తేరుకోలేదు.

కంపెనీకి ఫోన్ చేస్తే, "గ్రీన్ డాట్ ఉంది కదా మేడమ్, వెజిటేరియనే" అన్నారు. పచ్చ చుక్కకూ పాలకూ సంబంధమేమిటండీ? మన నిబంధనల్లో పాలు శాకాహారమే. పాల చాక్లెట్ మీద కూడా అదే చుక్క ఉంటుంది. ఆ సంగతి ఫోనెత్తిన ఆ అమ్మాయికీ తెలియదు, ఆ రోజు వరకు నాకూ తెలియదు.

ఇప్పుడు షాపులో ఫోన్ టార్చ్ వేసుకుని చదువుతాను. 70 శాతం కోకో అంటే మిగతా 30 అంతా చక్కెరేనని లేదు. బార్ మెత్తగా కరగడానికి, పైన తెల్లటి పొర పట్టకుండా ఉండడానికి చాలామంది పాల కొవ్వు కలుపుతారు. అది మిల్క్ ఫ్యాట్, బటర్ ఆయిల్ అనే పేర్లతో కనిపిస్తుంది. మిల్క్ సాలిడ్స్, వే పౌడర్, లాక్టోజ్, కేసిన్, ఇవన్నీ పాలే. కోకో బటర్ మాత్రం కోకో గింజలోంచి తీసిన కొవ్వు, దానికి భయపడక్కర్లేదు. పదార్థాల జాబితా అయ్యాక, చాలాసార్లు అట్ట అంటించిన మడత దగ్గర, ఇంకో వాక్యం వెతకాలి: "కంటైన్స్ మిల్క్" లేదా "మే కంటైన్ మిల్క్". మొదటిది కలిపారని, రెండోది అంటుకుని ఉండవచ్చని. ఒకే కంపెనీలో 55 శాతం బార్ ఒకలా, 85 శాతం బార్ ఇంకోలా ఉంటుంది. కాబట్టి పోయిన నెల చదివాం కదా అని వదిలేయడానికి లేదు.

కలపకుండా పాలు ఎలా వస్తాయని అడుగుతారేమో. పాల చాక్లెట్ పోసిన యంత్రంలోనే డార్క్ చాక్లెట్ పోస్తారు. నీళ్లతో కడగడం కష్టం, తేమ తగిలితే చాక్లెట్ గడ్డకట్టిపోతుంది. అందుకని గీకి తుడిచి, కొంత డార్క్ చాక్లెట్‌ను గొట్టాల్లోంచి వదిలి శుభ్రమైందంటారు. మూలల్లో మిగిలింది తర్వాతి బార్లలోకి వస్తుంది. అమెరికాలో ఆహారం, మందుల మీద నిఘా ఉంచే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ పరీక్షించి 2015లో బయటపెట్టింది: పాలు కలిపామని రాయని 88 డార్క్ చాక్లెట్ బార్లలో 51 బార్లలో పాలు దొరికాయి. ఇక్కడ అలాంటి పరీక్ష ఏదైనా చేయించారా సార్? అర్జీల్లో అడిగింది ఇదే.

ఆ ఊహించని పాల గురించి మన 2020 లేబుల్ నిబంధనల్లో "ప్రకటించవచ్చు" అని రాశారు. వచ్చు! నా బిడ్డ ప్రాణం ఆ ఒక్క మాట మీద ఆధారపడింది. రాయాలనిపిస్తే రాస్తారు, లేకపోతే లేదు. అట్ట మీద ఏమీ లేకపోతే, యంత్రం వేరేదని అనుకోవాలా, రాయడం మానేశారనుకోవాలా? మా అబ్బాయి తిన్నది అలాంటి అట్టే.

వీగన్ ఆహారానికి 2022లో నిబంధనలు తెచ్చారు, పచ్చని వి ఆకారపు గుర్తు ఇచ్చారు. మంచిదే. పాలు తినకూడదని నియమం పెట్టుకున్నవాళ్లకు అది ఉపయోగమే. కానీ అది అలర్జీ ఉన్న పిల్లలకు ఇచ్చిన హామీ కాదు. అందుకే ఆ గుర్తు ఉన్నా నేను కింది వాక్యం చదువుతాను, పాలు వాడని ఫ్యాక్టరీయేనా అని కంపెనీకి ఉత్తరం రాస్తాను. జవాబు వస్తేనే కొంటాను. చాలా కంపెనీలు జవాబివ్వవు.

దయచేసి ఆ "వచ్చు"ను "తప్పనిసరి" చేయండి. డార్క్ చాక్లెట్లను ఒకసారి పరీక్షించి, ఏ బార్‌లో ఎంత పాలు దొరికాయో పేర్లతో చెప్పండి. చేతులు జోడించి అడుగుతున్నాను. నా మూడు అర్జీల్లో ఒక్కదానికైనా, మెసేజ్ కాకుండా, చదివిన మనిషి రాసిన జవాబు ఇప్పించండి.

ఇట్లు,
పాల అలర్జీ ఉన్న ఒక పిల్లాడి తల్లి,
విజయవాడ