మీ గైడ్‌లోని బిల్లు బొమ్మ చూసి పెడితే పన్ను సగమే పడింది: ఫిర్యాదు

కస్టమర్ సపోర్ట్ మేనేజర్ గారికి,

విషయం: మీ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ యూజర్ గైడ్‌లోని ట్యాక్స్ ఇన్‌వాయిస్ స్క్రీన్‌షాట్, దాని కింది వివరణ తప్పుదారి పట్టించడం గురించి.

అయ్యా,

మా మేనల్లుడు దేవరకొండలో కొత్తగా స్టీలు సామాన్లు, మిక్సీల దుకాణం పెట్టాడు. బిల్లులు కొట్టడానికి మీ సాఫ్ట్‌వేరే కొన్నాడు. నేను నల్లగొండలో చాలా ఏళ్లుగా దుకాణాల లెక్కలు చూస్తూ జీఎస్‌టీ రిటర్నులు వేస్తున్నాను. అతని జీఎస్‌టీఆర్-1 కూడా నేనే వేయాలి. వేయబోయే ముందు అమ్మకాల రిపోర్టు తెరిస్తే మిక్సీల దగ్గర పన్ను 9 శాతం అని ఉంది. 9 శాతం శ్లాబు మన దేశంలో ఎక్కడుందో మీరే చెప్పాలి.

ఎక్కడి నుంచి వచ్చిందని వెతికితే మీ గైడ్ దగ్గరే తేలింది. అందులోని బొమ్మలో ఒక్కో వస్తువుకు ఒక వరుస ఉంది, మిక్సీ పక్కన CGST 9%, SGST 9% అని రెండు కాలమ్‌లు ఉన్నాయి. ఆ వరుస వరకు తప్పు లేదు. దాని కింద మీరు రాసిన వాక్యంలోనే ఉంది తిరకాసు: "ఇన్‌వాయిస్‌లో కనిపించే శాతాన్ని ఐటమ్ మాస్టర్‌లోని GST % గడిలో ఇవ్వండి." బొమ్మలో కనిపించేది 9. మావాడు 9 కొట్టాడు. మీ సాఫ్ట్‌వేర్ దాన్ని మొత్తం పన్ను అనుకుని రెండుగా విడగొట్టి, ఒక్కో కాలమ్‌లో 4.5 వేసింది. స్టీలు ప్లేట్లకూ అదే గతి పట్టింది. వాటిపై 2025 సెప్టెంబరు 22 నుంచి పన్ను 5 శాతం. సప్లయర్ బిల్లులో ఒక్కో కాలమ్‌లో 2.5 ఉంటే మావాడు అదే ఎక్కించాడు. మీ బొమ్మలో మాత్రం ప్లేట్ల వరుసలో ఇప్పటికీ పాత 6, 6 ఉన్నాయి. దాన్ని ఎవరూ మార్చినట్టు లేదు.

కొత్తగా షాపు పెట్టినవాడికి మీ గైడ్ చెప్పాల్సిన అసలు ముక్క చెప్పలేదు. తెలంగాణలో ఉన్న దుకాణం తెలంగాణలోనే అమ్మితే 18 శాతం పన్నులో సగం కేంద్రానికి, సగం రాష్ట్రానికి పోతుంది. అందుకే బిల్లులో రెండు కాలమ్‌లు. అదే మిక్సీ చెన్నై నుంచి తెప్పిస్తే సప్లయర్ బిల్లులో IGST అని ఒకటే కాలమ్, అందులో 18 ఉంటుంది. హైదరాబాద్ నుంచి తెప్పిస్తే 9, 9. రెండు బిల్లుల్లోనూ పన్ను ఒకటే. మావాడి దగ్గర రెండు రకాల కొనుగోలు బిల్లులూ ఉన్నాయి. వాటిని పక్కపక్కన పెట్టి చూపిస్తే అప్పటికప్పుడు అర్థం చేసుకున్నాడు. గైడ్‌లో ఆ రెండు బొమ్మలు పక్కపక్కన వేయడానికి మీకు ఎంత పని?

ఇన్ని బిల్లులు తప్పుగా పోతుంటే ఎవరికీ ఎందుకు తెలియలేదని మీరు అడగొచ్చు. దుకాణంలో ధరలు పన్నుతో కలిపే పెట్టుకున్నారు. 2950 రూపాయల మిక్సీనే చూడండి. సరిగ్గా అయితే 2950ని 118తో భాగించి 100తో గుణించాలి. పన్ను లేని విలువ 2500, కేంద్రానికి 225, రాష్ట్రానికి 225. మావాడి బిల్లులో అదే 2950కి విలువ 2706.42 అనీ, పన్ను 121.79 చొప్పున రెండుసార్లు అనీ పడింది. కింద మొత్తం మాత్రం రెండింట్లోనూ 2950 రూపాయలే. కొన్నవాళ్లు మొత్తం చూసి డబ్బులిచ్చారు, మావాడు మొత్తం చూసి గల్లాలో వేసుకున్నాడు. ప్రభుత్వానికి కట్టాల్సిన 206 రూపాయల 42 పైసలు ఒక్కో మిక్సీ మీద అతని లాభంలో కలిసిపోయి కనిపించాయి.

"ఈ నెల కట్టేది ఏం లేదు మామా, ఇంకా మనకే క్రెడిట్ మిగిలింది" అని సంబరంగా చెప్పాడు. కొత్త దుకాణంలో అమ్ముడుపోని సరుకు ఉంటుంది కాబట్టి, కొన్నప్పుడు కట్టిన పన్ను తాలూకు క్రెడిట్ మిగలడం మామూలే. అందుకే అతనికి అనుమానం రాలేదు. నేను అమ్ముడైన ఒక్క మిక్సీని విడిగా తీసి చూశాను. కొన్నది 2000కి, దానిపై కట్టిన పన్ను 360. అమ్మింది 2500కి, అంటే 450 రావాలి, తేడా 90 కట్టాలి. బిల్లులో ఉన్నది 243.58. లాభానికి అమ్మిన వస్తువు మీద, అదీ కొన్నప్పటి రేటే ఉన్న వస్తువు మీద, అమ్మకపు పన్ను కొనుగోలు పన్ను కంటే తక్కువ రాదు. వచ్చిందంటే రేటు దగ్గరే తేడా ఉన్నట్టు.

ఇక్కడ మీ బొమ్మ చేసిన ఇంకో అన్యాయం ఉంది. పేజీలో పట్టడానికి కాబోలు, Taxable Value కాలమ్‌ను కత్తిరించేశారు. సీజీఎస్‌టీ రూల్స్‌లోని 46వ నియమం ప్రకారం ట్యాక్స్ ఇన్‌వాయిస్‌లో పన్ను వేసే విలువ, రేటు, పన్ను మొత్తం ఉండి తీరాలి. ఆ కాలమ్ కనిపిస్తే చూసేవాడు విలువను శాతంతో గుణించి తనే సరిచూసుకుంటాడు. అది లేని బొమ్మలో పన్ను అంకె దేని మీద వచ్చిందో ఎవరికి తెలుస్తుంది?

రిటర్ను వేయకముందే పట్టుకున్నాం కాబట్టి వడ్డీ పడలేదు. అలా అని ఊరికే పోలేదు. జీఎస్‌టీ నంబరు లేని మామూలు కొనుగోలుదారుల అమ్మకాలను నేను 18, 5 రేట్లలో మళ్లీ లెక్కగట్టి రిటర్నులో చూపించాలి. ఆ తేడా మావాడు చేతి నుంచి పెట్టుకోవాల్సిందే. తిరిగి అమ్ముకోవడానికి జీఎస్‌టీ నంబరుతో మిక్సీ కొన్న ఒక దుకాణదారుడికి 2500కు పైన పన్ను వేసి బిల్లు ఇచ్చాడు. అందులో 450కి బదులు 225 పడింది. దానికి డెబిట్ నోటు రాసి మిగతా 225 అడగాలి. ఆయనకు క్రెడిట్ వస్తుంది, నష్టమేమీ లేదు. కానీ మొదటి నెలలోనే పార్టీ దగ్గరికి వెళ్లి "మీ బిల్లులో తప్పు పడింది, ఇంకొంచెం ఇవ్వండి" అని అడగాలంటే కొత్త వ్యాపారికి ఎంత నామోషీ!

మీ కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే, "సార్, యూజర్ గైడ్‌లో స్క్రీన్‌షాట్ ఉంది, అది చూసి సెట్ చేసుకోండి" అన్నారు. ఆ స్క్రీన్‌షాట్ గురించే నేను ఫోన్ చేసింది.

కాబట్టి ముందుగా ఆ వాక్యాన్ని మార్చండి. ఆ గడి పక్కనే "కేంద్ర, రాష్ట్ర పన్నులు రెండూ కలిపి" అని తెలుగులో రాయండి. ఆ గడిలో చేతికొచ్చిన అంకె కొట్టనివ్వకుండా, చట్టంలో ఉన్న రేట్లే లిస్టులో నుంచి ఎంచుకునేలా పెట్టండి. అప్పుడు 9 కొట్టే వీలే ఉండదు. బొమ్మలో కత్తిరించిన కాలమ్‌ను తిరిగి పెట్టి, ప్లేట్ల రేటు సరిచేయండి. ఇప్పటికే మీ గైడ్ చూసి సెట్ చేసుకున్న వాళ్లందరికీ మెసేజ్ పంపండి. మాలాగే సగం పన్నుతో బిల్లులు కొడుతున్న దుకాణాలు ఇంకా ఉండే ఉంటాయి. వాళ్లలో రిటర్ను వేసేసినవాళ్లకు వడ్డీ కూడా పడుతుంది.

మావాడి బిల్లుల్లో 9, 2.5 రేట్లు పడినవన్నీ ఒకచోట వచ్చేలా ఒక రిపోర్టు ఇప్పించండి. ఇప్పుడు ఒక్కో బిల్లూ తెరిచి రాసుకుంటున్నాం. జీఎస్‌టీఆర్-1 గడువు 11వ తేదీ, ఆ లోపే కావాలి. జవాబు ఫోన్లో వద్దు, మెయిల్‌లో రాసి పంపండి. మీ గైడ్‌లోని ఆ పేజీనీ, తప్పు పడిన ఒక బిల్లు కాపీనీ జత చేస్తున్నాను.

ఇట్లు,
మీ ఖాతాదారుడి తరఫున,
అతని మేనమామ, నల్లగొండ