ఫిర్యాదు: డబ్బా ముందు ‘బీఎస్6 డీజిల్’, వెనక ‘ఏ3/బీ4’

కస్టమర్ కేర్, సాంకేతిక విభాగాల అధికారులకు,
ఇంజిన్ ఆయిల్ తయారీ కంపెనీ.

విషయం: మీ 5డబ్ల్యూ-40 ఫుల్లీ సింథటిక్ ఆయిల్ లేబుల్, పొగలోని మసిని పట్టే ఫిల్టరైన డీపీఎఫ్ ఉన్న డీజిల్ కార్ల యజమానులను తప్పుదారి పట్టిస్తోందని ఫిర్యాదు.

అయ్యా,

మీ డబ్బా ముందు భాగంలో పెద్ద అక్షరాలతో ‘బీఎస్6 పెట్రోల్, డీజిల్ కార్లకు’ అని ఉంది. వెనక వైపు భూతద్దం పెడితే గానీ కనిపించని అక్షరాల్లో ‘ఏపీఐ ఎస్ఎన్/సీఎఫ్, ఏసీఈఏ ఏ3/బీ4, ఎంబీ 229.5’ అని ఉంది. ఏపీఐ అమెరికా, ఏసీఈఏ యూరప్ ప్రమాణాలు, ఎంబీ మెర్సిడెస్ కోడ్. ముందు మాటా, వెనక మాటా ఒకదానితో ఒకటి పొసగవు. ముందు మాట నమ్మి కొన్నవాళ్ల కార్లు మా షాపుకు వస్తున్నాయి కాబట్టి ఈ లేఖ రాస్తున్నాం.

ఒక కారు సంగతి చూడండి. అది డీపీఎఫ్ ఉన్న 1.5 లీటర్ల బీఎస్6 డీజిల్. దాని ఓనర్స్ మాన్యువల్‌లో ఆయిల్ గురించి ఉన్నది ఒక్కటే ముక్క: ‘ఏసీఈఏ సీ3, 5డబ్ల్యూ-30 లేదా 5డబ్ల్యూ-40’. యజమాని మీ డబ్బా మీద 5డబ్ల్యూ-40 చూశాడు, సరిపోయిందనుకున్నాడు. కానీ ఆ అంకెలు చెప్పేది చిక్కదనం గురించి మాత్రమే. ‘డబ్ల్యూ’కు ముందున్న 5 చలిలో ఆయిల్ ఎంత తేలిగ్గా కదులుతుందో చెబుతుంది, వెనకున్న 40 ఇంజిన్ వేడెక్కాక ఎంత చిక్కగా ఉంటుందో చెబుతుంది. ఆయిల్‌లో ఏ రసాయనాలు కలిపారో, అవి కాలితే ఎంత బూడిద మిగులుతుందో వీటిని బట్టి తెలియదు. ఒకే 5డబ్ల్యూ-40 సీ3గానూ దొరుకుతుంది, ఏ3/బీ4గానూ దొరుకుతుంది.

తర్వాత కౌంటర్ దగ్గర జరిగేది ఇది. మాన్యువల్‌లో ‘సీ3’ ఉంది, డబ్బా మీద ‘సీఎఫ్’ ఉంది, రెండింట్లో ‘సీ’ ఉంది కదా అని డబ్బా చేతిలో పెడతారు. కానీ ఏపీఐ గ్రేడులో సీ అంటే డీజిల్ వరుస, ఎస్ అంటే పెట్రోల్ వరుస. రెండో అక్షరం ముందుకు జరిగే కొద్దీ గ్రేడు కొత్తది. ఎస్ఎన్ 2010లో వచ్చింది, ఎస్పీ 2020లో వచ్చింది. సీఎఫ్ 1994 నాటిది, ఏపీఐ దాన్ని ఎప్పుడో కాలం చెల్లిన గ్రేడుల్లో చేర్చింది. డీపీఎఫ్ అవసరాలు అందులో లేనే లేవు. ఏసీఈఏ లెక్కలో మాత్రం సీ వరుస పూర్తిగా వేరు. పొగ శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌ను, డీపీఎఫ్‌ను పాడుచేయకుండా బూడిద, ఫాస్ఫరస్, గంధకం మూడింటికీ పరిమితి పెట్టిన ఆయిళ్ల వరుస అది. కాబట్టి సీఎఫ్ చూసి సీ3 అనుకోవడం పొరపాటు. ఆ పొరపాటుకు ఎక్కువ ఆస్కారం ఇస్తున్నది మీ ముందు లేబులే.

అసలు విషయం సల్ఫేటెడ్ యాష్. ఆయిల్‌లో కలిపే డిటర్జెంట్లలోని క్యాల్షియం, మెగ్నీషియం, అరుగుదలను ఆపే జడ్‌డీడీపీలోని జింక్ కాలినా ఆవిరైపోవు, బూడిదగా మిగులుతాయి. సీ3లో ఈ బూడిద 0.8 శాతం దాటకూడదు. ఏ3/బీ4లో 1.6 శాతం దాకా అనుమతి ఉంది, మీ ప్రొడక్ట్ డేటా షీట్‌లో ఉన్నది 1.4. డీపీఎఫ్‌లో పేరుకున్న మసి, ఫిల్టర్‌ను బాగా వేడెక్కించి శుభ్రం చేసే రీజెనరేషన్‌లో కాలి గాలిలో కలిసిపోతుంది. బూడిద కాలేది కాదు. లోపల చేరిందంటే అక్కడే ఉండిపోతుంది, దానితో పాటు మసికి మిగిలే జాగా తగ్గుతుంది.

లెక్క వేసి చూడండి. ఇంజిన్ 10,000 కిలోమీటర్లకు ఒక లీటరు ఆయిల్ తాగుతుందనుకుంటే, లక్ష కిలోమీటర్లకు 10 లీటర్లు, అంటే సుమారు 8.5 కిలోలు. 1.4 శాతం చొప్పున 119 గ్రాముల బూడిద. 0.8 శాతమైతే 68 గ్రాములు. ఇంజిన్ ఇంతకంటే తక్కువ తాగితే రెండు అంకెలూ తగ్గుతాయి, వాటి మధ్య నిష్పత్తి మాత్రం మారదు. ఫిల్టర్ ఆయుష్షు 40 శాతానికి పైగా తగ్గిపోవడానికి ఆ తేడా చాలు.

ఒకసారి పోసినంత మాత్రాన ఫిల్టర్ పాడవదు, ఆ మాట మేమే కస్టమర్లకు చెబుతున్నాం. ఆయిల్ దించి, ఆయిల్ ఫిల్టర్ మార్చి, సీ3 పోస్తే చాలు. ఏళ్ల తరబడి అదే పోస్తే మాత్రం రీజెనరేషన్ల మధ్య దూరం తగ్గుతూ వస్తుంది. స్కానర్ పెట్టి ఫోర్స్‌డ్ రీజెన్ చేశాక కూడా డీపీఎఫ్ ముందూ వెనకా ప్రెజర్ తేడా దిగకపోతే, సెన్సరూ దాని గొట్టాలూ బాగున్నాయని చూసుకున్నాక, లోపల ఉన్నది మసి కాదు, బూడిద అని అనుకోవాలి. అప్పుడు ఫిల్టర్ విప్పి శుభ్రం చేయించాలి, లేదా మార్చాలి. ఆ ఖర్చు ముందు ఆయిల్ ధర లెక్కలోకి రాదు.

మీ ఆయిల్ చెడ్డదని మేం అనడం లేదు. డీపీఎఫ్ లేని బీఎస్4 డీజిల్‌కు, మాన్యువల్‌లో ఏ3/బీ4 అడిగిన కారుకు ఇది మంచి ఆయిలే. ఆమ్లాలను తట్టుకునే శక్తిని చెప్పే టీబీఎన్ ఎక్కువగా ఉండాలని ఎక్కువ డిటర్జెంట్ వేశారు, అందుకే బూడిద ఎక్కువ. అది ఆ కార్లకు మేలే. మా అభ్యంతరమల్లా ‘బీఎస్6’ అన్న ముద్ర మీదే. బీఎస్6 అనేది 2020 ఏప్రిల్ 1 నుంచి వాహనాల పొగకు అమలైన ప్రమాణం, ఆయిల్ గ్రేడు కాదు. పెట్రోల్ వైపు కూడా ఆ ముద్ర నిలవదు. టర్బో డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజిన్లలో మిశ్రమం వేళ కాకుండా ముందే అంటుకునే ఎల్‌ఎస్‌పీఐ సమస్యకు పరీక్ష ఎస్పీలో ఉంది, ఉత్త ఎస్ఎన్‌లో లేదు.

ఇక ఎంబీ 229.5. తక్కువ బూడిద ఆయిళ్లకు ఉండే మెర్సిడెస్ కోడ్ 229.51. చివర ఒక్క అంకె లేకపోతే ఆయిల్ ఎక్కువ బూడిద జాతికి చెందిందన్నమాట. ఆ కోడ్ పక్కన మీరు ‘అవసరాలకు అనుగుణం’ అని రాశారే తప్ప ‘అప్రూవల్’ అని రాయలేదు. ఏపీఐ లైసెన్స్ ఉన్న ఆయిళ్ల మీద కనిపించే గుండ్రటి ముద్ర కూడా మీ డబ్బా మీద లేదు. లైసెన్స్ ఉందా లేదా లిఖితపూర్వకంగా చెప్పండి.

మేం కోరేవి ఇవి. ముందు లేబుల్ నుంచి ‘బీఎస్6 డీజిల్’ తీసేయండి, లేదా అంతే పెద్ద అక్షరాలతో ‘డీపీఎఫ్ ఉన్న డీజిల్ కార్లలో వాడరాదు’ అని తెలుగులోనూ రాయించండి. ఏసీఈఏ కోడ్‌ను, సల్ఫేటెడ్ యాష్ శాతాన్ని ముందు వైపుకు తెండి. మా దగ్గర సీలు తీయకుండా ఉన్న డబ్బాలను వెనక్కి తీసుకుని అదే చిక్కదనంలో సీ3 ఆయిల్ ఇవ్వండి. ఈ లేబుల్ నమ్మి కొన్నవాళ్లకు, బిల్లు చూపిస్తే, ఆయిల్ మార్పిడి ఖర్చు భరించండి.

30 రోజుల్లో జవాబు రాకపోతే, వినియోగదారుల రక్షణ చట్టం 2019 కింద తప్పుదారి పట్టించే ప్రకటనగా దీన్ని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కూ, జిల్లా కమిషన్‌కూ తీసుకెళ్తాం. డబ్బా ముందూ వెనకా తీసిన ఫొటోలు, బ్యాచ్ నంబర్, బిల్లు ప్రతి, మాన్యువల్‌లోని ఆయిల్ పేజీ జత చేశాం.

ఇట్లు,
కార్ల సర్వీసింగ్ షాపు నిర్వాహకులు,
ఆటోనగర్, విజయవాడ.