బ్లాగు సబ్‌డొమైన్ కోసం డొమైన్ నేమ్‌సర్వర్లన్నీ మార్చివేసిన విషయమై ఫిర్యాదు

కస్టమర్ సేవా విభాగం అధికారి గారికి,

విషయం: ఒక్క `CNAME` రికార్డు చేర్చమని కోరితే మొత్తం డొమైన్ నేమ్‌సర్వర్లను మార్చడం, తిరిగి పెట్టేటప్పుడు మా పాత రికార్డులను పోగొట్టడం గురించి.

అయ్యా,

మా డొమైన్ రిజిస్ట్రేషన్, డీఎన్ఎస్ నిర్వహణ, ప్రధాన వెబ్‌సైటు హోస్టింగ్ మూడూ కొన్నేళ్లుగా మీ దగ్గరే ఉన్నాయి. మెయిల్ మాత్రం వేరే సేవలో ఉంది. అసలు డొమైన్ పేరు మా ఖాతా వివరాల్లో ఉంది కాబట్టి ఈ లేఖలో దాని బదులు example.com అని రాస్తున్నాను.

గత సోమవారం ఉదయం 10 గంటలకు మీ సహాయ విభాగానికి నేను రాసిన అభ్యర్థన చాలా చిన్నది. మా బ్లాగును వేరొక హోస్టింగ్ సేవలో పెట్టుకున్నామనీ, blog.example.com ఆ సేవ ఇచ్చిన sites.example.net చిరునామాకు వెళ్లేలా ఒక `CNAME` రికార్డు చేర్చాలనీ, ప్రధాన సైటునూ మెయిల్‌నూ ముట్టుకోవద్దనీ స్పష్టంగా రాశాను. మీ ఉద్యోగి నుంచి "బ్లాగు బయటి సేవలో ఉంటే నేమ్‌సర్వర్లు మార్చాల్సిందే, మార్చేశాము" అని జవాబు వచ్చింది. 11:20కి మా ప్రధాన సైటు తెరిస్తే, ఆ పేరుతో ఇక్కడ సైటు ఏదీ లేదని చెప్పే బ్లాగు సేవ వారి పేజీ కనిపించింది.

ఆ జవాబు సాంకేతికంగా తప్పు. డొమైన్‌కు సంబంధించిన ఏ ప్రశ్న వచ్చినా, అది సైటు గురించైనా, మెయిల్ గురించైనా, బ్లాగు గురించైనా, దానికి సమాధానం చెప్పేది నేమ్‌సర్వర్లు. వాటిని మార్చడమంటే మీ దగ్గరున్న రికార్డుల పుస్తకాన్ని మూసేసి, ఇంకొకరి దగ్గరున్న ఖాళీ పుస్తకాన్ని తెరవడమే. మాకు కావలసింది ఉన్న పుస్తకంలోనే ఒక కొత్త పంక్తి. సబ్‌డొమైన్‌ను నేమ్‌సర్వర్లతో అప్పగించవలసిన అవసరమే ఉన్నా, ఆ నేమ్‌సర్వర్ల పేర్లు చెప్పే `NS` రికార్డులను మా రికార్డుల పుస్తకమైన జోన్‌లో blog అనే పేరు కింద మాత్రమే పెడితే సరిపోయేది. డొమైన్ మొత్తాన్ని తరలించవలసిన పని ఎలా చూసినా లేదు.

నేను వెంటనే ఫోన్ చేస్తే, "మాకు ఇక్కడ మీ సైటు బాగానే తెరుచుకుంటోంది" అని రెండుసార్లు చెప్పారు. వారు చూసింది నిజమే కావచ్చు. వారి నెట్‌వర్క్‌లో చిరునామాలు వెతికి తెచ్చే డీఎన్ఎస్ రిజాల్వర్ దగ్గర పాత సమాధానం ఇంకా నిల్వ ఉండి ఉంటుంది. .com డొమైన్ల నేమ్‌సర్వర్ల గురించి పై స్థాయి సర్వర్లు ఇచ్చే సమాధానాన్ని 172800 సెకన్ల వరకు, అంటే రెండు రోజుల పాటు, నిల్వ ఉంచుకోవచ్చు. అందుకే ఒకే సమయంలో ఒకరికి సైటు కనిపిస్తుంది, మరొకరికి కనిపించదు. ఇది డీఎన్ఎస్ సహాయం అందించే ప్రతి ఒక్కరికీ తెలిసి ఉండవలసిన విషయం. సాయంత్రం 4 గంటలకు మీరు నేమ్‌సర్వర్లను వెనక్కి మార్చినా, ఆలోపు తప్పు సమాధానాన్ని నిల్వ చేసుకున్న రిజాల్వర్ల వెనక ఉన్నవారికి బుధవారం మధ్యాహ్నం దాకా మా సైటు అందలేదు.

అయితే నా అసలు ఫిర్యాదు ఆ తర్వాత జరిగిన దాని గురించి. నేమ్‌సర్వర్లు మీ దగ్గరికి తిరిగి వచ్చినప్పుడు మీ వ్యవస్థ మా పాత రికార్డులను పునరుద్ధరించలేదు, కొత్త ఖాతాలకు వేసే మూస రికార్డులను వేసింది. ప్రధాన సైటు `A` రికార్డు ఎలాగూ మీ సర్వర్‌కే వెళ్లాలి కాబట్టి సైటు సరిగానే తెరుచుకుంది, దాంతో అంతా సర్దుకుందని మేము నమ్మాము. కానీ `MX` రికార్డు మా మెయిల్ సేవకు బదులు మీ మెయిల్ సర్వర్‌కు మారింది, మెయిల్ పంపే అనుమతిని తెలిపే `TXT` రికార్డు మాయమైంది.

మంగళవారం ఉదయం 9:30కి మా వినియోగదారు ఒకరు ఫోన్ చేసి, తాను పంపిన ఆర్డరు తిరిగి వచ్చిందని, అందులో 550 అన్న సంఖ్యతో అలాంటి చిరునామా లేదని ఉందని చదివి వినిపించారు. అప్పటిదాకా మాకు తెలియదు.

ఈ తేడాను మీరు గమనించాలని కోరుతున్నాను. సోమవారం పగలు మా డొమైన్‌కు `MX` రికార్డే లేదు. అప్పుడు పంపే సర్వర్లు `A` రికార్డులోని చిరునామాను ప్రయత్నించి, అక్కడ మెయిల్ తీసుకునేవారు లేకపోవడంతో ఉత్తరాలను వరుసలో ఉంచి మళ్లీ మళ్లీ పంపాయి. వాటిలో చాలావరకు ఆలస్యంగానైనా చేరాయి. సాయంత్రం 4 తర్వాత మాత్రం మీ సర్వర్ స్పందించి, మా పెట్టెలు తన దగ్గర లేవు కాబట్టి 550తో శాశ్వతంగా తిరస్కరించింది. అలా తిరస్కరించిన ఉత్తరాన్ని పంపే సర్వర్ మళ్లీ ప్రయత్నించదు. అంటే మీరు "సరిచేసిన" తర్వాతే మా ఉత్తరాలు నిజంగా పోయాయి.

రికార్డులను మా మెయిల్ సేవ సూచనల పేజీ చూసి నేనే తిరిగి రాసుకున్నాను. గురువారం మీ కంట్రోల్ ప్యానెల్‌లో బ్లాగు రికార్డునూ నేనే చేర్చాను. blog పేరు మీద అంతకుముందే ఉన్న `A` రికార్డును ముందు తీసివేయవలసి వచ్చింది, ఎందుకంటే `CNAME` ఉన్న పేరు మీద వేరే రికార్డు ఉండకూడదు. మీరు చేయవలసిన పని మొత్తం ఇదే:

```
blog  3600  IN  CNAME  sites.example.net.
```

చివరి చుక్క లేకపోతే కొన్ని వ్యవస్థలు మన డొమైన్ పేరును దాని వెనక అతికించి, sites.example.net.example.com అనే లేని చోటికి పంపుతాయి కాబట్టి దాన్ని కూడా చూసుకున్నాను. తర్వాత ఈ మూడు ఆదేశాలతో సరిచూసుకున్నాను:

```
dig +short blog.example.com CNAME
dig +short example.com NS
dig +short example.com MX
```

మొదటిది కొత్త చిరునామాను చూపాలి, మిగిలిన రెండూ మార్పుకు ముందు ఏం చూపాయో అదే చూపాలి. అలాగే చూపాయి. పనికి ఐదు నిమిషాలు కూడా పట్టలేదు, ప్రధాన సైటు ఒక్క క్షణం కూడా ఆగలేదు. సోమవారం మీ ఉద్యోగి ఇదే చేసి, ఇలాగే సరిచూసి ఉంటే ఈ లేఖ రాయవలసిన అవసరం వచ్చేది కాదు.

మీ నుంచి నాకు అన్నిటికన్నా ముందు కావలసింది మీ మెయిల్ సర్వర్ లాగ్. సోమవారం సాయంత్రం 4 గంటల నుంచి బుధవారం సాయంత్రం వరకు మా డొమైన్‌కు వచ్చి తిరస్కరణకు గురైన ప్రతి ఉత్తరం పంపినవారి చిరునామా, సమయం అందులో ఉంటాయి. లాగులను కొంతకాలం తర్వాత చెరిపివేయడం మామూలే కనుక, ఆ భాగాన్ని ఇప్పుడే భద్రపరిచి మాకు పంపండి. పంపినవారందరికీ మేమే ఒక్కొక్కరికి రాసి క్షమాపణ చెప్పుకోవాలి. మార్పుకు ముందున్న మా జోన్ పూర్తి ప్రతి మీ బ్యాకప్‌లో ఉంటే అది కూడా కావాలి, నేను గుర్తుంచుకోలేని పాత రికార్డులు ఇంకా ఏమైనా పోయాయేమో అప్పుడే తెలుస్తుంది.

అలాగే, ఖాతాదారు రాతపూర్వకంగా ఒప్పుకోనిదే ఏ ఉద్యోగీ నేమ్‌సర్వర్లను మార్చకుండా, మార్చేముందు జోన్ ప్రతిని తప్పనిసరిగా దాచేలా మీ పద్ధతిని సవరించాలని కోరుతున్నాను. బయటి బ్లాగుకు నేమ్‌సర్వర్లు మార్చాలన్న జవాబు మీ వారి సిద్ధపాఠంలో ఉన్నట్టయితే దాన్ని వెంటనే తీసివేయండి.

ఈ లేఖ అందిన ఏడు రోజుల్లోగా లాగ్ ప్రతితో పాటు రాతపూర్వక సమాధానం పంపగలరు. మీ ఉద్యోగి ఇచ్చిన జవాబు, తిరిగి వచ్చిన ఉత్తరం ప్రతి, పైన చెప్పిన ఆదేశాల ఫలితాలు దీనికి జతచేశాను.

ఇట్లు,
డొమైన్ ఖాతాదారు